తోటివాడికి ఎంతవరకు చెప్పొచ్చు?

అమెరికాలో కంప్యూటర్ సైన్స్‌లో ఎమ్మెస్ చేయడానికి వెళ్లిన మన పిల్లల్లో చాలామంది రెండో సెమిస్టర్‌కల్లా టీచింగ్ అసిస్టెంట్ పని కోసం ప్రయత్నిస్తారు. అందరూ టీఏ అనే ఈ ఉద్యోగి ప్రొఫెసర్ కింద పనిచేస్తూ ల్యాబులు నడుపుతాడు, సందేహాలు తీరుస్తాడు, విద్యార్థులు పంపిన ప్రోగ్రాములు దిద్దుతాడు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి ఈ పని చేయకూడదు. సెమిస్టర్ మొదట్లో టీఏ చేతికి వచ్చే పనుల్లో ఒకటి, తొలి ల్యాబ్ ఇచ్చేటప్పుడు క్లాసు మొత్తానికీ ఒక నోటీసు రాయడం. ఈ ల్యాబ్‌లో ఒకరికొకరు ఎలాంటి సాయం చేసుకోవచ్చు, ఎలాంటిది చేసుకోకూడదు అన్నది అందులోని విషయం.

చూడ్డానికి ఇది ఒక్క వాక్యంతో తేలిపోయే పనిలా ఉంటుంది. "మీ పని మీరే చేయండి, కాపీ కొట్టకండి" అని రాసేస్తే సరిపోతుందనిపిస్తుంది. ఆ మాట కాదనేవాళ్లు క్లాసులో ఒక్కరూ ఉండరు. చిక్కంతా గడువు ముందురోజు రాత్రి వస్తుంది. ఒకే అపార్ట్‌మెంట్‌లో నలుగురు ఉంటారు, నలుగురిదీ ఒకటే కోర్సు. ఒకడి ప్రోగ్రాం నడుస్తుంది, పక్కవాడిది మధ్యలో కూలిపోతుంది. "ఒరేయ్, ఒక్కసారి నాది చూడరా" అంటాడు. చూడొచ్చా? చూసి, తప్పు ఫలానా చోట ఉందని చెప్పొచ్చా? తనది తెరిచి చూపించొచ్చా? "కాపీ కొట్టకండి" అనే వాక్యం ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు చెప్పదు. అందుకే మంచి నోటీసులో నియమాల కంటే ఉదాహరణలే ఎక్కువ చోటు తీసుకుంటాయి.

మన దగ్గర ఇంజినీరింగ్ చదివి వెళ్లినవాళ్లకు ఈ ఉదాహరణల అవసరం ఇంకా ఎక్కువ. ఇక్కడి ల్యాబుల్లో అబ్జర్వేషన్ బుక్కు, రికార్డు, చివర్లో ఎక్స్‌టర్నల్ వచ్చి పెట్టే పరీక్ష, వైవా ఉంటాయి. రికార్డు శుభ్రంగా రాసి సంతకం పెట్టించుకోవాల్సిన పుస్తకం. ఒకరిది చూసి ఇంకొకరు రాసుకోవడం ఎన్నో కాలేజీల్లో మామూలే. అసలు పరీక్ష వైవా దగ్గర జరుగుతుంది కాబట్టి రికార్డు దించుకోవడాన్ని ఎవరూ పెద్ద తప్పుగా చూడరు. అమెరికాలోని చాలా కోర్సుల్లో లెక్క వేరు. మీరు పంపిన ల్యాబ్ ప్రోగ్రామే పరీక్ష పేపరు. దానికే మార్కులు, చాలాసార్లు దాని మీద విడిగా వైవా ఉండదు. నాలుగేళ్లు స్నేహధర్మంగా చేసిన పని అక్కడ అదే చేతులతో చేస్తే పరీక్ష హాల్లో పేపరు అందించినట్టే లెక్క. ఈ తేడాను ముందే ఎవరూ విడమరచి చెప్పకపోవడం వల్ల ఇరుక్కున్న పిల్లలున్నారు. అది నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఒక పేజీ కాగితం ఆపగలిగిన నష్టం అది.

అలాంటి పేజీ ఎలా ఉండాలో చూపించడానికి, సి భాష నేర్పే కోర్సులో లింక్డ్ లిస్ట్ ల్యాబ్‌ను తీసుకుందాం. లింక్డ్ లిస్ట్ అంటే వరసగా గొలుసు కట్టిన డబ్బాలు. ప్రతి డబ్బాలో ఒక సంఖ్య, తర్వాతి డబ్బా ఎక్కడుందో చెప్పే ఒక చిరునామా ఉంటాయి. ఆ చిరునామానే పాయింటర్ అంటారు. చివరి డబ్బాలో చిరునామా ఉండాల్సిన చోట `NULL` ఉంటుంది, అంటే ఇక ముందు ఏమీ లేదని అర్థం. ఇచ్చిన సంఖ్య ఉన్న డబ్బాను గొలుసులోంచి తీసేసే ఫంక్షన్ రాయడమే ల్యాబ్. దీనికి టీఏ రాయదగ్గ నోటీసు ఇది.

ల్యాబ్ 2: సాయం గురించి

ఈ ల్యాబ్ ఎవరికి వారు చేయాలి. మాట్లాడుకోవచ్చు. కోడ్ మాత్రం ఒకరి నుంచి ఇంకొకరికి చేరకూడదు. ఫైలుగా పంపినా, ఫొటో తీసి పంపినా, స్క్రీన్ మీద చూపించినా, నోటితో చెప్పి టైప్ చేయించినా ఒకటే.

*ఇవి అడక్కుండానే చేసుకోవచ్చు:*

- ప్రశ్నలో ఏమడిగారో చర్చించడం. ఉదాహరణ: "లిస్టులో లేని సంఖ్యను తీసేయమంటే ఏం జరగాలి?"
- పాయింటర్లు ఎలా పనిచేస్తాయో బొమ్మ గీసి చెప్పుకోవడం. బొమ్మలో డబ్బాలు, బాణాలు ఉండొచ్చు. సి వాక్యాలు ఉండకూడదు.
- కంపైలర్ ఇచ్చిన ఎర్రర్‌కు అర్థం చెప్పడం, `gdb`, `valgrind` ఎలా వాడాలో చూపించడం.
- టెస్ట్ ఇన్‌పుట్‌లు పంచుకోవడం. ఉదాహరణ: "ఖాళీ లిస్టుతో ప్రయత్నించి చూడు."

*ఇవి చేయకూడదు:*

- ఇంకొకరి కోడ్ చూడడం. అర్థం చేసుకోవడానికే అయినా సరే.
- మీ కోడ్ ఇవ్వడం. ఇచ్చినవారికీ తీసుకున్నవారికీ ఒకే నియమం.
- పక్కన కూర్చుని లైను తర్వాత లైను చెప్పడం.
- పాత బ్యాచ్‌ల జవాబులు వాడడం, ఈ ల్యాబ్ జవాబు కోసం ఇంటర్నెట్‌లో వెతకడం.
- మీ జవాబును అందరికీ కనిపించే గిట్‌హబ్ రిపాజిటరీలో పెట్టడం. కోర్సు అయిపోయాక కూడా.

*ముందు టీఏను అడగాల్సినవి:* పైన లేనిది ఏదైనా.

ఎవరితో ఏం మాట్లాడారో ఫైలు మొదట్లో ఒక కామెంటుగా రాయండి. అలా రాసినందుకు మార్కులు తగ్గవు.

నోటీసు ఇంతే. ఇక ఇందులోని గీతలు అక్కడే ఎందుకు పడ్డాయో ఒక తప్పు ప్రోగ్రాంతో చూద్దాం. ఒక విద్యార్థి ఇలా రాశాడనుకోండి:

```c
struct node *p = head;
while (p->next->val != x)
    p = p->next;
p->next = p->next->next;
```

లిస్టులో 10, 20, 30 ఉన్నాయి. 20 తీసేయమంటే ఈ ప్రోగ్రాం చక్కగా పనిచేస్తుంది. `p` మొదటి డబ్బా మీద ఉండి, తర్వాతి డబ్బాలో 20 ఉందని చూసి, 10ని నేరుగా 30కి కలిపేస్తుంది. 30 తీసేయమన్నా పనిచేస్తుంది. 10 తీసేయమంటే కూలిపోతుంది. ఎందుకంటే ఇది ఎప్పుడూ తర్వాతి డబ్బానే చూస్తుంది, తాను నిలబడ్డ మొదటి డబ్బాను ఒక్కసారీ చూడదు. 10 కోసం వెతుక్కుంటూ చివరిదాకా పోయి, `NULL` అని ఉన్న చోట కూడా ఇంకో డబ్బా ఉందనుకుని దాన్ని తెరవబోతుంది. లిస్టులో లేని 99ని తీసేయమన్నా ఇదే జరుగుతుంది. లిస్టు ఖాళీగా ఉంటే మొదటి అడుగులోనే పడిపోతుంది. ఇవి కాక, కూలిపోకుండా దాగి ఉన్న తప్పు ఇంకొకటి ఉంది. గొలుసులోంచి తీసిన డబ్బా వాడుకున్న మెమరీని `free` చేసి వెనక్కి ఇవ్వలేదు.

ఈ విద్యార్థికి స్క్రీన్ మీద కనిపించేది `Segmentation fault` అనే ఒక్క మాట. అతను స్నేహితుణ్ణి పిలిచాడు. స్నేహితుడు ఐదు రకాలుగా సాయం చేయొచ్చు.

మొదటి రకం: "ఏ లైన్లో పోతోందో చూశావా? `gdb`లో పెట్టు" అని, ఎలాగో చూపించడం.

```
gcc -g -Wall list.c -o list
gdb ./list
(gdb) run
(gdb) bt
(gdb) print p->next
```

`-g` అనేది కంపైల్ చేసేటప్పుడు లైన్ల నంబర్లు, పేర్ల వివరాలు ప్రోగ్రాంలో ఉంచమని చెప్పడం. `run` ప్రోగ్రాంను నడిపిస్తుంది. అది కూలిపోయాక `bt` అంటే ఏ ఫంక్షన్‌లో, ఏ లైన్లో ఆగిందో చూపిస్తుంది. చివరి ఆదేశానికి `$1 = (struct node *) 0x0` అని జవాబు వస్తుంది. `0x0` అంటే `NULL`. లేని డబ్బాను తెరవబోయామని విద్యార్థికి తన కళ్లముందే తెలిసిపోతుంది. స్నేహితుడు జవాబులో ఒక్క అక్షరం చెప్పలేదు, పనిముట్టు పట్టుకోవడం మాత్రమే నేర్పాడు. రేపు ఇంకో ల్యాబ్‌లో ఇంకో తప్పుకూ అది పనికొస్తుంది. అందుకే ఇది పూర్తిగా సమ్మతం.

రెండో రకం: "ఏ సంఖ్యలు తీసేసి చూశావు? మధ్యలోది, చివరిది చూశావు కదా, మొదటిది తీసేయమని అడిగావా?" అనడం. ఇదీ సమ్మతమే. ఎక్కడ చూడాలో చెప్పినా, చూసి ఏం గ్రహించాలో విద్యార్థికే వదిలాడు. కాగితం మీద మూడు డబ్బాలు గీసి, వేలితో `p`ని జరుపుకుంటూ పోతే రెండు నిమిషాల్లో సంగతి తెలుస్తుంది. ఆ రెండు నిమిషాల పనే ఈ ల్యాబ్ నేర్పదలచుకున్నది.

మూడో రకం దగ్గర గీత సన్నబడుతుంది. స్నేహితుడు విద్యార్థి చెప్పింది విని, "మొదటి డబ్బాను నువ్వు చూడడమే లేదు, దానికి విడిగా ఒక కండిషన్ పెట్టు" అన్నాడు. కోడ్ చెప్పలేదు, అయినా తప్పును కనిపెట్టే పనీ దిద్దే పనీ రెండూ తానే చేసేశాడు. దీన్ని ఒక కోర్సు ఒప్పుకుంటుంది, ఇంకో కోర్సు ఒప్పుకోదు. మన నోటీసు మాట్లాడుకోవచ్చంది, కోడ్ నోటితో చెప్పకూడదంది, ఈ రెండింటి నడుమ పడే మాట గురించి ఏమీ అనలేదు. కాబట్టి ఇది ముందు అడగాల్సిన వాటిలోకి వస్తుంది. అడిగితే మంచి టీఏ చెప్పే జవాబు ఇది: తప్పు ఎక్కడుందో చెప్పడంతో ఆగండి, ఎలా దిద్దాలో చెప్పకండి, ఫైలు మొదట్లో ఆ సంగతి రాయండి.

నాలుగో రకం: "నేను చెప్తా, టైప్ చెయ్యి. `if`, బ్రాకెట్, `head` ఈక్వల్ ఈక్వల్ `NULL`..." ఇక్కడ ఫైలు ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి వెళ్లలేదు. కీబోర్డు మీద ఉన్నవి విద్యార్థి వేళ్లే. అందుకే చాలామంది దీన్ని సాయమనే నిజంగా నమ్ముతారు. వేళ్లు ఎవరివైనా ఆలోచన మొత్తం పక్కవాడిది. ఇది సమ్మతం కాదు.

ఐదో రకం అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, అన్నిటికంటే మంచి మనసుతో జరిగేది. "నా ఫైలు పంపిస్తా అన్నా, చూసి అర్థం చేసుకుని మీ సొంతంగా రాసుకోండి." తీసుకున్నవాడు కూడా నిజంగా సొంతంగానే రాద్దామనుకుంటాడు. ఒకసారి పూర్తి జవాబు చూశాక దాన్ని పక్కనపెట్టి వేరేలా ఆలోచించడం మామూలు మనిషికి సాధ్యం కాదు. అదే క్రమం, అవే కండిషన్లు, చివరికి అవే పొరపాట్లు చేతికి వచ్చేస్తాయి. గడువు ఇంకో గంటే ఉంటే "సొంతంగా రాయడం" కాస్తా పేర్లు మార్చడంగా మారిపోతుంది. ఇచ్చినవాడి చేతిలో కూడా ఇక ఏమీ ఉండదు. ఒకరికిచ్చిన ఫైలు వాట్సాప్‌లో ఎంతమందికి చేరిందో అతనికి తెలియదు, ఆ పోలికలన్నీ అతని జవాబుతోనే కలుస్తాయి.

ఈ ఐదింటినీ వరసగా చూస్తే నోటీసు వెనకున్న సూత్రం బయటపడుతుంది. గీత పడింది సాయం చేయడానికీ చేయకపోవడానికీ మధ్య కాదు. ప్రోగ్రాంలో ఏ లైను ఎందుకు ఉండాలో తేల్చుకునే పని ఎవరిది అన్న చోట పడింది. పనిముట్లు, భావనలు, ప్రశ్నలు ఎన్నైనా ఇచ్చిపుచ్చుకోవచ్చు. ఆ తేల్చుకునే పనిని మాత్రం ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు.

పేరున్న కోర్సులు కూడా ఇలాంటి ఉదాహరణలతోనే నడుస్తాయి. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రాండల్ బ్రయంట్, డేవిడ్ ఓహాలరన్ రూపొందించిన 15-213 అనే కంప్యూటర్ సిస్టమ్స్ కోర్సు ఏది మోసమో, ఏది కాదో రెండు వేర్వేరు జాబితాలుగా రాస్తుంది. కోడ్ ఇవ్వడం, చూడడంతో పాటు పక్కన కూర్చుని లైను లైనుగా చెప్పడాన్ని కూడా మోసం కిందే పెడుతుంది. పనిముట్లు ఎలా వాడాలో చెప్పడం, పైపై రూపకల్పన గురించి చర్చించడం మోసం కాదంటుంది. హార్వర్డ్‌లోని సీఎస్50 గీత ఇంకాస్త వేరుగా గీస్తుంది. అక్కడ సాయం కోరేవాళ్లు తమ కోడ్‌ను ఇతరులకు చూపించొచ్చు, ఇతరుల కోడ్‌ను మాత్రం తాము చూడకూడదు. అంటే చిక్కులో ఉన్నవాడి స్క్రీన్‌ను పక్కవాడు చూడొచ్చు, పక్కవాడి స్క్రీన్‌ను చిక్కులో ఉన్నవాడు చూడకూడదు. రెండు కోర్సులూ మంచివే, రెండు చోట్లా నియమాలు వేరు. గత సెమిస్టర్‌లో నేర్చుకున్న నియమం ఈ సెమిస్టర్‌కు చెల్లకపోవచ్చు కాబట్టి ప్రతి కోర్సు నోటీసునూ మొదటి నుంచి చదవాల్సిందే.

మాటల్లో జరిగిన చర్చ కోడ్‌గా మారకుండా కొన్ని కోర్సులు ఒక చక్కని పద్ధతి పెట్టాయి. దాని పేరు గిలిగన్స్ ఐలండ్ రూల్. గిలిగన్స్ ఐలండ్ అనేది 1964 నుంచి 1967 వరకు అమెరికా టీవీలో వచ్చిన హాస్య సీరియల్. నియమం ఏమిటంటే, ఇద్దరు ముగ్గురు కలిసి బోర్డు మీద రాసుకుంటూ ఎంతసేపైనా చర్చించుకోవచ్చు. లేచేటప్పుడు బోర్డు తుడిచేయాలి, కాగితం మీద రాసుకున్నది గానీ తీసిన ఫొటో గానీ వెంట తీసుకుపోకూడదు. తర్వాత అరగంట పాటు ఆ సీరియల్ లాంటిదేదో బుర్రకు పని లేనిది చూసి, అప్పుడు కూర్చుని ఒంటరిగా రాయాలి. అరగంట తర్వాత కూడా గుర్తున్నది అర్థమైనదే. బట్టీ పట్టిన వాక్యాలు అప్పటికి చాలావరకు చెరిగిపోతాయి. ఈ పద్ధతి నోటీసులో లేకపోయినా సొంతంగా పాటించొచ్చు.

ల్యాబ్‌ను తయారు చేసే తీరులోనే సగం చిక్కు పోగొట్టేవాళ్లూ ఉన్నారు. 15-213లోనే బాంబ్ ల్యాబ్ అని ఒకటుంది. ప్రతి విద్యార్థికీ ఒక ప్రోగ్రాం ఇస్తారు. దాని మూల కోడ్ ఇవ్వరు, నడిచే ఫైలు మాత్రమే ఇస్తారు. అందులో ఆరు దశలుంటాయి. ప్రతి దశలోనూ సరైన పదం టైప్ చేయాలి, తప్పయితే బాంబు పేలినట్టే, మార్కులు తగ్గుతాయి. ఆ పదమేదో `gdb`తో ప్రోగ్రాం లోపలికి వెళ్లి కనిపెట్టాలి. ఒకరి బాంబుకు పనిచేసిన జవాబులు ఇంకొకరి బాంబుకు పనిచేయవు. కాబట్టి జవాబు పంచుకోవడంలో అర్థం లేదు, ఎలా కనిపెట్టాలో చెప్పుకోవడమే పనికొస్తుంది. నోటీసు చెప్పే మాటనే ఆ ల్యాబ్ తన నిర్మాణంతో చెబుతోంది.

"ఇదంతా ఎవరు కనిపెడతారు, పేర్లు మారిస్తే సరి" అనుకునేవాళ్లకు మాస్ గురించి తెలియాలి. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ అలెక్స్ ఐకెన్ 1994లో తయారుచేసిన ఈ వ్యవస్థను ఇప్పటికీ ఎన్నో యూనివర్సిటీలు వాడుతున్నాయి. క్లాసులో అందరి ప్రోగ్రాములూ ఇచ్చేస్తే అది ప్రతి రెండింటినీ పోల్చి, ఎక్కువ పోలికలున్న జంటలను పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. పోల్చే ముందు ఖాళీలు, పేర్లు లాంటి పైపై తేడాలను లెక్కలోంచి తీసేస్తుంది. మీరు `p` అన్నా, `current` అన్నా, మీ ఊరి పేరు పెట్టినా దానికి ఒకటే, అక్కడ ఒక పేరుందంతే. ఆ తర్వాత మిగిలిన కోడ్‌ను చిన్నచిన్న ముక్కలుగా తీసుకుని, ప్రతి ముక్కకూ ఒక సంఖ్య కడుతుంది. ఆ సంఖ్యల్లో కొన్నిటిని పద్ధతి ప్రకారం ఏరి ప్రోగ్రాంకు వేలిముద్రల్లా భద్రపరుస్తుంది. పోల్చేది ఈ ముద్రలనే. ఫంక్షన్ల వరస మార్చినా ముక్కలు మారవు కాబట్టి ముద్రలు దాదాపు అవే ఉంటాయి. అందరికీ ఇచ్చిన ప్రారంభ కోడ్‌ను లెక్కలోకి తీసుకోవద్దని టీఏ ముందే చెప్పొచ్చు.

మాస్ చెప్పేది పోలిక ఉందని మాత్రమే. మోసం జరిగిందో లేదో అది చెప్పదు. ఆ సంగతి దాన్ని తయారుచేసినవాళ్లే స్పష్టంగా అన్నారు. మన ల్యాబ్‌నే చూడండి. తీసేసే ఫంక్షన్ సరిగ్గా రాస్తే పది పన్నెండు లైన్లకు మించదు, సరైన జవాబులు రాసిన వందమందివీ ఒకలాగే ఉంటాయి. ఆ పోలిక దేనికీ రుజువు కాదు. అనుభవమున్న టీఏ చూసేది అవసరం లేని చోట పోలికలను. ఇద్దరూ ఎక్కడా వాడని ఒకే వేరియబుల్ పెట్టడం, ఒకే కండిషన్ రెండుసార్లు అడగడం, కామెంటులో ఒకే అక్షరదోషం ఉండడం, ఒకే అరుదైన ఇన్‌పుట్ దగ్గర ఒకేలా కూలిపోవడం లాంటివి. సరైన జవాబుకు దారులు తక్కువ, అందుకే అవి కలుస్తాయి. తప్పులకు దారులు లెక్కలేనన్ని, అవి కలిస్తే కారణం అడగాల్సి వస్తుంది.

అప్పుడు కూడా నిర్ణయం టీఏది కాదు. అతను చూసినది ప్రొఫెసర్‌కు చెబుతాడు, ప్రొఫెసర్ యూనివర్సిటీ పద్ధతి ప్రకారం విద్యార్థిని పిలిచి అడుగుతారు, లేదా ఆ విషయాలు చూసే ఆఫీసుకు పంపుతారు. విద్యార్థికి తన మాట చెప్పుకునే అవకాశం ఉంటుంది. తప్పు తేలితే ల్యాబ్‌కు సున్నా నుంచి కోర్సులో ఫెయిల్, సస్పెన్షన్ దాకా ఏదైనా కావచ్చు, ఇది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకు సస్పెన్షన్ చదువుతో ఆగదు. చదువుతున్న విద్యార్థిగా నమోదు ఉండడం మీదే వీసా స్థితి ఆధారపడి ఉంటుంది కాబట్టి దేశం విడిచి రావాల్సిన పరిస్థితి ఏర్పడుతుంది. ఫైలు "ఊరికే చూద్దామని" తీసుకున్నవాడికీ, మొహమాటపడి ఇచ్చినవాడికీ ఇది వర్తిస్తుంది.

ఈ ఫైలు మొదటి కామెంటు విలువ ఇక్కడే తెలుస్తుంది. "మొదటి డబ్బాను తీసేసే సందర్భం నేను మర్చిపోయానని ఫలానా స్నేహితుడు చెప్పాడు, దిద్దుకున్నది నేనే" అని ఒక్క వాక్యం ఉంటే, తర్వాత పోలిక కనిపించినా టీఏకు కథ ముందే తెలుసు. అదే సాయం గురించి పైకి చెప్పకుండా ఉండి, అడిగాక చెబితే నమ్మడం కష్టం. దాచిపెట్టాలనిపించే సాయమేదైనా ఉంటే అది గీత దాటిందేమోనని అక్కడే అనుమానించొచ్చు.

ఒకవేళ దాటేసినా తిరిగి వచ్చే దారి ఉంచిన కోర్సులున్నాయి. సీఎస్50లో 2014 నుంచి ఒక నియమం ఉంది. చేయకూడని పని చేసిన విద్యార్థి 72 గంటల్లోపు తానే వచ్చి కోర్సు పెద్దలకు చెబితే, ఆ ల్యాబ్‌కు మార్కులు పోవచ్చేమో గానీ విషయాన్ని యూనివర్సిటీ విచారణకు పంపరు. అర్ధరాత్రి గాభరాలో చేసిన పనిని పగలు ఆలోచించి సరిదిద్దుకునే వీలు ఇవ్వడమే దాని ఉద్దేశం. ఇలాంటి నియమం మీ కోర్సులో ఉందో లేదో సెమిస్టర్ మొదట్లోనే చూసుకోవాలి. లేకపోయినా, పట్టుబడేదాకా ఆగకుండా ముందే ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లి చెప్పడం మేలు.

టీఏలకు కూడా ఈ నోటీసు వర్తిస్తుంది. ఆఫీస్ అవర్స్‌లో పది మంది వరసలో ఉన్నప్పుడు ఒకరి కీబోర్డు లాక్కుని రెండు లైన్లు దిద్దేస్తే పని తొందరగా అయిపోతుంది. అలా చేస్తే నాలుగో రకం సాయాన్ని టీఏనే చేసినట్టు. విద్యార్థి కీబోర్డు ముట్టుకోకపోవడం మంచి టీఏల అలవాటు. వాళ్లు మూడు ప్రశ్నలు అడుగుతారు. ఏం జరగాలనుకున్నావు? ఏం జరిగింది? ఇప్పటిదాకా ఏం ప్రయత్నించావు? పైన చూసిన ప్రోగ్రాం విషయంలో రెండో ప్రశ్నకు "కూలిపోయింది" అని కాకుండా "20కి సరిగ్గా వచ్చింది, 10కి కూలిపోయింది" అనే జవాబు వచ్చిందంటే సగం పని అయిపోయినట్టే. ఇంకో మాట. టీఏ రూమ్మేట్ అదే క్లాసులో ఉంటే, అతని పేపరు ఇంకొకరిని దిద్దమని ప్రొఫెసర్‌ను ముందే అడగాలి. ఇంట్లో అన్నం తింటూ అడిగే ప్రశ్నలకు జవాబులు కూడా ఆఫీస్ అవర్స్‌లో అందరికీ చెప్పేవే అయి ఉండాలి.

తన జవాబు తనదేనా అని విద్యార్థి సొంతంగా తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ప్రశ్నను కాస్త మార్చి చూసుకోవాలి. ఒక 20ని కాకుండా లిస్టులో ఉన్న 20లన్నిటినీ తీసేయమంటే ఏం మార్చాలి? సొంతంగా రాసినవాడు కాసేపట్లో దారి కనుక్కుంటాడు. ఒక డబ్బా తీసేశాక `p`ని ముందుకు జరపకూడదని, దాని తర్వాతిదీ 20 కావొచ్చని అతనికి తడుతుంది. ఇంకొకరిది చూసి రాసినవాడికి ఎక్కడ చెయ్యి పెట్టాలో కూడా తెలియదు. అనుమానం వచ్చిన ప్రొఫెసర్లు అడిగేది కూడా ఇలాంటి ప్రశ్నే.

నలుగురు కలిసి ఉండే చోట "నీ ఫైలు ఇవ్వరా" అన్నవాడికి కాదని చెప్పడం మనవాళ్లకు కష్టం. స్నేహం చెడుతుందని భయం. ఇంతకుముందు చూసిన ఐదు రకాల్లో మొదటి రెండూ అందుకే తెలిసి ఉండాలి, అవి ఉంటే కాదని ఊరుకోవాల్సిన పని లేదు. "ఫైలు ఇవ్వనురా, ఇద్దరం పోతాం. లాప్‌టాప్ తీసుకురా, ఏ నంబరుకి పోతోందో కూర్చుని చూద్దాం" అంటే చాలు.